అంజనమ్మ అంగడికి రెండోసారి పడిన పన్ను

ఒకసారి చెల్లించిన పన్నునే మళ్ళీ చెల్లించమని ఒక చిన్న వ్యాపారికి ఆజ్ఞ జారీ అయింది. మొదట చెల్లించిన సొమ్ము ఎక్కడికీ పోలేదు. ప్రభుత్వ ఖజానాలోనే ఉన్నదని ప్రభుత్వం నడిపే పోర్టలే చూపుతున్నది. అయితే అది ఉండవలసిన గడిలో కాక పక్క గడిలో కనిపిస్తున్నది. ఆ ఒక్క కారణానికి అసలును మళ్ళీ అడిగి, దానిపై వడ్డీ వేసి, వడ్డీతో తృప్తిపడక జరిమానా వేసి, చివరికి బ్యాంకు ఖాతాను స్తంభింపజేశారు. ఇందులో దొంగ బిల్లు లేదు, దాచిన అమ్మకం లేదు, ఎగవేసిన రూపాయి లేదు. లెక్క సరిగ్గానే ఉందని అధికారి కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న తరువాత కూడా ఖాతాను విడిపించలేదు.

ఆ వ్యాపారి పేరు అంజనమ్మ. తమిళనాడు సరిహద్దులోని హోసూరులో, బాగలూరు రోడ్డు మీద విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, డ్రిప్పు సామాను అమ్మే అంగడి ఆమెది. ఈ వ్యవహారపు కాగితాలన్నిటి నకళ్ళు నా వద్ద ఉన్నాయి. వాటిలో లేని అంకె ఒక్కటి కూడా ఇక్కడ రాయడం లేదు.

అంజనమ్మ పుట్టింది అత్తిముగంలో. తండ్రి కొత్తిమీర, బీన్సు పండించి సంతకు వేసేవాడు. పెళ్ళయి కెలవరపల్లికి వచ్చేనాటికి ఆమెకు విత్తనం పోల్చడం బాగా తెలుసు. గింజను అరచేతిలో పోసుకుని బొటనవేలితో కదిపి, ఇది నిరుటిదా ఈ ఏటిదా చెప్పగలదు. భర్త వరదప్పకు ఆనకట్ట కింద ఎకరంన్నర భూమి. ఒకప్పుడు రాగి, ఇప్పుడు షెడ్డు వేసి గులాబీ. భూమి మీద వచ్చేది ఇంటికి చాలక, ఆమె మొదట రేకు డబ్బాలలో కూరగాయల విత్తనాలు పెట్టుకుని సంతలు తిరిగింది. సంతలో నమ్మకం కుదిరాక అంగడి అద్దెకు తీసుకుంది. కొన్న రైతు పొలానికి వెళ్ళి మొలక చూసి రావడం ఆమె అలవాటు. మొలవకపోతే డబ్బు వెనక్కి ఇచ్చేది. కంపెనీ ఇస్తుందా ఇవ్వదా అన్నది తరువాతి మాట.

జీఎస్టీ వచ్చినప్పుడు ఆమె ముందు రెండు దారులు ఉండినాయి. అమ్మకం మీద ఒక శాతం కట్టి చేతులు దులుపుకునే చిన్న వ్యాపారుల పథకం ఒకటి. ప్రతి సరుకుకూ దాని రేటు ప్రకారం పన్ను వసూలు చేసి, తాను కొన్నప్పుడు కట్టిన పన్నును అందులోంచి తీసివేసి, మిగిలినది కట్టే మామూలు పద్ధతి మరొకటి. గులాబీ ఎగుమతి చేసే తోటలవాళ్ళు పన్ను బిల్లు లేనిదే కొనరు. అందుకని ఆమె రెండోదానికే పేరు నమోదు చేసుకుంది. అంటే కష్టమైన దారినే, నిజాయితీగా ఎంచుకుంది. దానికి దక్కిన ప్రతిఫలం ఇది.

పోయిన డిసెంబరు చివరి వారంలో ఒక విత్తన కంపెనీకి ఆమె ఇచ్చిన ముందస్తు చెక్కు తిరిగి వచ్చింది. జనవరి నాటుకు టమాట, క్యాప్సికం విత్తనం రావలసిన సమయం. ఖాతాలో మూడు లక్షల ఎనభై వేలు ఉన్నాయి. పొరపాటు బ్యాంకుదేనని ఆమె నమ్మకం. పత్రికలకు రాసేవాణ్ణని నన్ను కూడా రమ్మన్నది. వెళ్ళాను.

"ఏమి సార్, నా చెక్కు వాపసు పంపినారు? నా దుడ్డు యాడికి పోయింది?" అని ఆమె మేనేజరును అడిగింది.

"దుడ్డు యాడికీ పోలేదమ్మా, ఈడనే ఉండాది," అన్నాడతను. "అయితే మీరు తీసే దానికి లేదు. పన్ను ఆఫీసు నుంచి లెటరు వచ్చినాది. నాలుగు లక్షల పదహైదు వేలు మీరు బాకీ అంట. ఉండేదంతా హోల్డు చేయమన్నారు."

"నేనా బాకీ? ఎవరికప్పా? నెలనెలా కట్టినానే!"

"నన్ను అడిగితే నేనేం చెప్పేదమ్మా. మీ ఆడిటరును అడగండి."

మేనేజరు చూపించిన ఉత్తరం మీద ఒక ఆర్డరు నంబరు ఉంది, సెప్టెంబరు పది తేదీ ఉంది. ఆ ఆర్డరును అంజనమ్మ ఎన్నడూ చూడలేదు. ఆమె పన్ను రిటర్నులు వేసే లోకనాథ్ కూడా చూడలేదు.

లోకనాథ్‌ను ఊరంతా ఆడిటరు అంటారుగాని అతడు పన్ను ప్రాక్టీషనరు. నలభై దాటినవాడు, పనిమంతుడు, మాట మెత్తన. తాలూకా ఆఫీసు వెనుక మేడమీద గది. అతడు పోర్టలు తెరిచి ఒక్కొక్క మూల వెదకగా, మామూలు నోటీసులు ఉండేచోట ఏమీ లేదు. అదనపు నోటీసులన్న వేరే అర తెరిస్తే అన్నీ అక్కడ పడి ఉన్నాయి. మే నెలలో షోకాజు నోటీసు, తరువాత విచారణకు రమ్మని మూడు పిలుపులు, చివర సెప్టెంబరు ఆర్డరు. నోటీసు వస్తే ఫోనుకు సందేశం రావాలి. అయితే నమోదులో ఉన్న ఫోను నంబరు, లోకనాథ్ వద్ద ఎప్పుడో పని మానేసి పెళ్ళయి ధర్మపురికి వెళ్ళిపోయిన టైపిస్టుది. ఇది లోకనాథ్ తప్పు. అతడు కాదనలేదు.

వరదప్ప ఆ రోజు తోటనుంచి నేరుగా వచ్చాడు. చొక్కా మీద గులాబీ ముళ్ళ గీతలు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"ఏమప్పా లోకనాథా, నెలకు వెయ్యిన్నర తీసుకుంటావు గదా, ఆ పెట్టె తెరిచి చూసేదానికి ఇంకా ఎంత ఇయ్యాల?"

"అన్నా, తప్పు నాదే. ఆ నంబరు మార్చలేదు."

"తప్పు నీది, హోల్డు నాది. బాగుండాది కత!"

"ఉండు," అని అంజనమ్మ భర్తను ఆపింది. "అరిచినది చాలు. లోకనాథా, అసలు నేను చేసిన నేరమేంది? అది చెప్పు మొదట."

నేరమేమిటో ఆర్డరులో ఉంది. 2021-22 సంవత్సరానికి ఆమె సీజీఎస్టీలో లక్షా పదహైదు వేల ఎనిమిది వందలు, ఎస్‌జీఎస్టీలో అంతే, మొత్తం రెండు లక్షల ముప్పై ఒక్క వేయి ఆరు వందలు ఎక్కువ క్రెడిట్ తీసుకున్నదట. అమ్మినవారు చూపించిన లెక్కలో ఆ మొత్తం లేదట. అసలు అది, వడ్డీ లక్షా అరవై వేల రెండు వందల నలభై, జరిమానా పది శాతం చొప్పున ఇరవై మూడు వేల నూటఅరవై. వెరసి నాలుగు లక్షల పదహైదు వేలు.

క్రెడిట్ అంటే ఏమిటో తెలియని పాఠకులకు ఒక్క మాట. వ్యాపారి సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మినప్పుడు కట్టవలసిన పన్నులోంచి తీసివేసుకునే హక్కు. తమిళనాడులోనే కొంటే ఆ పన్ను సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి అని రెండు గడులలో పడుతుంది. వాటినే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అంటారు. వేరే రాష్ట్రం నుంచి కొంటే అదంతా ఐజీఎస్టీ అన్న మూడో గడిలో పడుతుంది. రేటు మారదు. పన్ను మొత్తం మారదు. గడి మాత్రమే మారుతుంది.

హోసూరు వ్యాపారి జీవితమంతా ఈ గడుల మధ్య సరిహద్దు మీదనే గడుస్తుంది. జిల్లా కేంద్రమైన కృష్ణగిరి కంటే బెంగళూరు మనకు దగ్గర. ఉదయం ఫోను చేస్తే మధ్యాహ్నానికి టెంపో వస్తుంది. ఒకే టెంపోలో బెంగళూరు స్ప్రేయర్లు, దారిలో ఎక్కించుకున్న ఇక్కడి పైపులు కలిసి దిగుతాయి. అత్తిబెలె దాటినప్పుడు రాష్ట్రం దాటామని ఎవరికీ అనిపించదు. అంజనమ్మ కొనుగోలు బిల్లులన్నిటినీ గోడకు కొట్టిన ఒకే తీగకు గుచ్చేది. ఇది మందు, ఇది ఎరువు, ఇది డ్రిప్పు అని సరుకును బట్టి వేరుచేసేది. ఎందుకంటే రేటు సరుకును బట్టి మారుతుంది, ఆమె భయమంతా రేటు తప్పుతుందనే. ఏ బిల్లు ఏ రాష్ట్రానిదో వేరుచేయాలని ఆమెకు తోచలేదు. లోకనాథ్ గదిలో అప్పుడున్న ఆ టైపిస్టే ఒక్కొక్క రేటు కట్టను కూడి, వచ్చిన పన్నును సగంసగం చేసి రెండు గడులలో పెట్టేసింది. అదే కట్టలో బెంగళూరు బిల్లులు కూడా ఉండినాయి. సంవత్సరమంతా అలాగే జరిగింది. మరుసటి ఏడు పోర్టలు తానే నింపే అంకెలను వాడడం మొదలుపెట్టాక పొరపాటు ఆగింది. ఆ అమ్మాయిని తిట్టను. హోసూరులో పుట్టిన ఎవరైనా చేసే తప్పే అది.

"అయితే బెంగళూరువాళ్ళకు నేను కట్టిన పన్ను?" అని అంజనమ్మ అడిగింది. "అది యాడుంది?"

లోకనాథ్ మరో పేజీ తెరిచాడు. "ఈడ చూడక్కా. ఐజీఎస్టీ గడిలో రెండు లక్షల ముప్పై ఒక్క వేయి ఆరు వందలు. అమ్మినవాళ్ళు కట్టేసినారు. నీ పేరుతోనే పడి ఉండాది. మనం ముట్టలేదు."

"ఆర్డరులో ఉండే అంకె కూడా అదేనా?"

"పైసాతో సహా అదే."

వరదప్ప అప్పటికి కూర్చున్నాడు. "అంటే నా ఎడమ జేబులో తీయాల్సింది కుడి జేబులో తీసినాను. దొంగనంటారు. అంతే గదా?"

"అంతేనన్నా."

"జేబులు రెండూ నావే గదప్పా!"

ఆ మధ్యాహ్నం లోకనాథ్ 2021 అక్టోబరు నెలను ఒక్కదాన్ని పూర్తిగా విప్పి రాశాడు. రేట్లు అప్పటివి. ఇప్పుడు స్ప్రేయర్లు, డ్రిప్పు ఐదు శాతానికి దిగినాయిగాని అప్పుడు పన్నెండు. ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుతున్నాను. కోపం వచ్చినవారు లెక్క చూపకుండా కేకలు వేస్తారని ఎవరూ అనకూడదు.

అమ్మకాలు, పన్ను కాక:
కూరగాయల విత్తనాలు, పన్ను లేదు: 1,50,000. పన్ను 0.
ఎరువులు, 5 శాతం: 2,00,000. పన్ను 10,000.
స్ప్రేయర్లు, డ్రిప్పు, 12 శాతం: 1,00,000. పన్ను 12,000.
పురుగుమందులు, పైపులు, 18 శాతం: 1,50,000. పన్ను 27,000.
మొత్తం అమ్మకం 6,00,000. వసూలైన పన్ను 49,000. అందులో సీజీఎస్టీ 24,500, ఎస్‌జీఎస్టీ 24,500.

కొనుగోళ్ళు, పన్ను కాక:
విత్తనాలు: 1,20,000. పన్ను 0.
ఎరువులు, కృష్ణగిరి నుంచి: 1,80,000. పన్ను 9,000, సగంసగం.
స్ప్రేయర్లు, డ్రిప్పు, బెంగళూరు నుంచి: 80,000. ఐజీఎస్టీ 9,600.
మందులు, బెంగళూరు నుంచి: 60,000. ఐజీఎస్టీ 10,800.
పైపులు, కృష్ణగిరి నుంచి: 60,000. పన్ను 10,800, సగంసగం.
అంగడి అద్దె: 10,000. పన్ను 1,800, సగంసగం.
కట్టిన పన్ను మొత్తం 42,000. అందులో ఐజీఎస్టీ 20,400, సీజీఎస్టీ 10,800, ఎస్‌జీఎస్టీ 10,800.

ఇక్కడ ఒక తీసివేత ఉంది. అంగడి అద్దె అన్ని సరుకులకూ ఉమ్మడి ఖర్చు. పన్ను లేని విత్తనాలు కూడా ఆ కప్పు కిందనే అమ్ముడుపోతాయి. ఆ వంతుకు క్రెడిట్ తీసుకోకూడదు. ఆరు లక్షలలో లక్షన్నర అంటే నాలుగో వంతు. కాబట్టి అద్దెపై కట్టిన 1,800లో 450 వదులుకోవాలి, రెండు గడులలోను 225 చొప్పున. ఆ 450 కూడా అంజనమ్మ నెలనెలా వదులుకుంటూనే వచ్చింది. పన్ను ఎగవేసేవాళ్ళు ఇలాంటివి వదులుకుంటారా అని నేను అడుగుతున్నాను.

వాడుకోదగిన క్రెడిట్ 41,550. కట్టవలసిన నికర పన్ను 49,000లో 41,550 పోగా 7,450.

ఇప్పుడు రెండు దారులు. సరైన దారిలో ఐజీఎస్టీ క్రెడిట్‌ను ముందు వాడాలి. ఈ నెల వేరే రాష్ట్రానికి అమ్మకం లేదు కాబట్టి 20,400ను సీజీఎస్టీకి 10,200, ఎస్‌జీఎస్టీకి 10,200గా పంచుకోవచ్చు. అప్పుడు ఒక్కొక్క గడిలో 24,500లో 10,200 పోయి, సొంత క్రెడిట్ 10,575 పోయి, కట్టవలసింది 3,725. రెండు గడులు కలిసి 7,450.

టైపిస్టు దారిలో ఆ 10,200 సొంత క్రెడిట్‌తోనే కలిసిపోయింది. 10,575కు 10,200 కలిస్తే 20,775. 24,500లో అది పోతే 3,725. రెండు గడులు కలిసి 7,450.

అంజనమ్మ ఆ నెలకు కట్టింది 7,450. చలానా నకలు నా వద్ద ఉంది.

ఈ కాగితం పట్టుకుని మేము నలుగురం పన్ను కార్యాలయానికి వెళ్ళాము. ఆ కార్యాలయం అంగడికి నడిచి వెళ్ళేంత దూరం. అక్కడి డ్రైవరు తన ఇంటి మిద్దె మీది కుండీలకు ఎరువు అంజనమ్మ వద్దనే కొంటాడు. ఆమెను చూసి లేచి నమస్కారం చేశాడు కూడా. విచారణకు మూడు పిలుపులు పంపినవారికి ఒక్క ఉత్తరం ఆ డ్రైవరు చేతికి ఇచ్చి పంపాలని తోచలేదు. ఒక రిజిస్టర్డు పోస్టు వేయాలని తోచలేదు. జవాబు ఎందుకు రాలేదని అనుమానించాలని అంతకంటే తోచలేదు.

అధికారి వయసులో చిన్నవాడు. కాగితాన్ని తీసుకుని మొదటినుంచి చివరివరకు చదివాడు. ఆ గౌరవం అతనికి ఇస్తాను. తమిళంలోనే మాట్లాడాడు. లోకనాథ్ కూడా తమిళంలోనే బదులిచ్చాడు. నేను తెలుగులో రాస్తున్నాను.

"లెక్క సరిగ్గానే ఉంది," అన్నాడు. "నెలకు కట్టవలసింది ఏ దారిలోనైనా ఒకటే. ఒప్పుకుంటాను. కానీ వారు తీసుకున్న ఎస్‌జీఎస్టీ క్రెడిట్ పుస్తకంలో లేదు. ఉన్నది ఐజీఎస్టీ. అది వారు తీసుకోలేదు."

"ఇప్పుడు తీసుకోనివ్వండి సార్. ఇదీ అదీ చెల్లు పెట్టేయండి," అన్నాడు లోకనాథ్.

"ఆ సంవత్సరం క్రెడిట్ తీసుకునే గడువు 2022 నవంబరు ముప్పైతో పోయింది. చట్టం."

"గడువు ఉన్నప్పుడు మీరు చెప్పలేదు సార్. గడువు పోయిన రెండున్నర ఏళ్ళకు నోటీసు వేసినారు."

"మాకు ఇచ్చిన గడువులో మేము వేశాము."

అంజనమ్మకు తమిళం బాగా వచ్చు. అంతవరకు వింటూ ఉండిపోయింది. అప్పుడు అడిగింది. "నేను ఎగ్గొట్టింది ఎంత సార్? అది ఒక్కటి చెప్పండి."

అతను చెప్పింది ఆలోచించదగిన మాటే. దాన్ని దాచను. "అమ్మా, మీరు ఐజీఎస్టీని ఐజీఎస్టీగానే వాడి, దానితో ఎస్‌జీఎస్టీ చెల్లించి ఉంటే, ఢిల్లీ ఆ మేరకు సొమ్మును తమిళనాడుకు పంపేది. మీరు నేరుగా ఎస్‌జీఎస్టీ క్రెడిట్ అని వాడుకున్నారు. మా రాష్ట్రానికి రావలసింది ఢిల్లీ ఖాతాలో ఉండిపోయింది."

"అయితే ఢిల్లీ మీకు బాకీ," అన్నది అంజనమ్మ. "ఢిల్లీని అడగండి సార్. ఢిల్లీ బ్యాంకు ఖాతాకు తాళం వేయండి. నా ఖాతాకు ఎందుకేసినారు?"

వెనుక గుమాస్తా ఎవరో నవ్వు ఆపుకోలేకపోయాడు. అధికారి నవ్వలేదు.

అతడి మాట సగానికే వర్తిస్తుందని లోకనాథ్ చెప్పాడు. ఎస్‌జీఎస్టీ సంగతి అలా ఉంచండి, మిగిలిన సగం సీజీఎస్టీ కదా. అది కేంద్రానిది. ఐజీఎస్టీ పడి ఉన్నది కూడా కేంద్రం చేతిలోనే. తన ఒక చేతిలోని సొమ్ము తన మరో చేతిలో లేదని కేంద్రం ఒక విత్తనాల అంగడి మీద వడ్డీ వేయడం ఏ న్యాయం? ఇలాంటి కేసులోనే పొరుగు రాష్ట్రపు హైకోర్టు, ఈ క్రెడిట్ అంతా ఒకే సంచిలోని సొమ్ము అని, గడి మారినంతలో తప్పుడు క్రెడిట్ కాదని చెప్పిన తీర్పును కూడా చూపించాడు. "అది మనకు కట్టుబాటు కాదు" అని అధికారి పక్కన పెట్టాడు.

"మీరే సరిదిద్దవచ్చు కదా సార్, రికార్డులో కనబడే పొరపాటే కదా."

"ఇది రికార్డులో కనబడే పొరపాటు కాదు. అప్పీలుకు వెళ్ళండి."

తన బల్ల మీద ఉన్న తెరలో, ఒకే పేజీలో, రెండు గడులలో ఒకే అంకె ఒకచోట తక్కువగా, ఒకచోట ఎక్కువగా కనబడుతున్నది. అది కనబడే పొరపాటు కాదట. మరి ఏది కనబడుతుందో నాకు తెలియదు.

బయటికి వచ్చాక వరదప్ప బీడీ వెలిగించుకోబోయి, గేటు దగ్గర నిషేధమన్న బోర్డు చూసి మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నాడు. "దీనికి మాత్రం నోటీసు గోడ మీదనే పెట్టినారు," అన్నాడు.

అప్పీలుకు మూడు నెలల గడువు డిసెంబరు పదితోనే తీరిపోయింది. సరైన కారణం చూపితే ఇంకొక నెల ఇచ్చే అధికారం అప్పీలు అధికారికి ఉంది. అప్పీలు వేయాలంటే వివాదంలో ఉన్న పన్నులో పదో వంతు ముందు కట్టాలి. అంటే ఇరవై మూడు వేల నూటఅరవై. ఖాతాకు తాళం వేసి ఉంది, ఖాతాలోంచి కట్టడానికి లేదు. గులాబీలు మార్కెట్టుకు వేసిన రొక్కం వరదప్ప తెచ్చి ఇచ్చాడు. అది షెడ్డు మీద చిరిగిన ప్లాస్టిక్ పట్టా మార్చడానికి దాచుకున్నది. జనవరి ఆరున అప్పీలు దాఖలైంది. ఆ పదో వంతు కడితే మిగిలిన బాకీ వసూలు ఆగిపోయినట్టే భావించాలని చట్టంలోనే ఉంది.

ఆ రసీదు తీసుకుని లోకనాథ్ మళ్ళీ కార్యాలయానికి వెళ్ళాడు. ఖాతా విడిపించమని బ్యాంకుకు ఒక్క ఉత్తరం రాయమన్నాడు. ఆలస్యాన్ని మన్నించినదీ లేనిదీ అప్పీలు అధికారి ఇంకా తేల్చలేదు, తేలాక చూద్దాం అన్నారు.

ఈ మాట రాస్తున్న రోజున కూడా ఖాతా అలాగే ఉంది.

దాని అర్థమేమిటో అంగడిలో కూర్చుంటే తెలుస్తుంది. నిన్న నేను అక్కడ ఉన్నాను. టమాట విత్తనం ఉండే అర ఖాళీ. విత్తన కంపెనీ ముందు రొక్కం లేనిదే పంపనన్నది. చెక్కు తిరిగి వచ్చిన అంగడికి బెంగళూరు డీలరు అప్పు ఆపేశాడు. ఉన్న సరుకు అమ్మి కొంత చేతిలోకి తెచ్చుకోవాలంటే, ఫోనుతో కట్టినవాళ్ళ సొమ్మంతా ఆ ఖాతాలోకే పోయి అక్కడే ఆగిపోతుంది. అందుకని ఆమె క్యూఆర్ కార్డును తిరగేసి పెట్టింది. ఊత్తంగరై నుంచి అంకప్ప అన్న రైతు వచ్చాడు. ప్రతి ఏడూ ఆమె వద్దనే విత్తనం కొనేవాడు.

"ఏమక్కా, టమాట లేదా?"

"లేదప్పా."

"ఎప్పుడొస్తుంది?"

"తెలవదు."

"నారు పోసే దినాలు ఇవే గదక్కా. ఇంకొక వారం పోతే పోసినా సుమ్మనే, దండగ."

"తెలుసునప్పా. పక్క వీధిలో సెల్వి అంగడిలో చూడు. దాని దగ్గర మంచి రకమే ఉండాది. పొట్లం మీద తేదీ చూసి తీసుకో."

తన కొనుగోలుదారుని తానే పక్క అంగడికి పంపింది. అతడు వెళ్ళాక నావైపు తిరిగి అన్నది. "తప్పు చేసినవాళ్ళకు ఏం శిక్ష వేస్తారు సార్, తప్పు చేయనివాళ్ళకే ఇంత వేస్తే?" దీనికి జవాబు చెప్పవలసినవాళ్ళు వేరే ఉన్నారు కాబట్టి వారిని ఉద్దేశించి చెబుతున్నాను.

ఆర్డరు మీద సంతకం చేసిన అధికారీ! ఆర్డరు వెలువడిన ఆరు నెలలలోపు రికార్డులోని పొరపాటును మీ అంతట మీరే సరిదిద్దే అధికారం చట్టం మీకు ఇచ్చింది. ఆ ఆరు నెలలు మార్చి పదితో ముగుస్తాయి. ఎవరూ అడగనక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. లెక్క సరిగ్గా ఉందని మీ నోటితోనే మీరన్నారు. అన్నదాన్ని కాగితం మీద పెట్టండి. అప్పీలు పదో వంతు చెల్లింపు రసీదు మీ బల్ల మీద ఉంది, బ్యాంకుకు రాయవలసిన ఉత్తరం నాలుగు వరుసలు. ఈ రోజే రాయండి.

చెన్నైలో, ఢిల్లీలో ఖజానాల మీద కూర్చున్న పెద్దలారా! మీలో ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో మీరూ మీరూ తేల్చుకోండి. ఐజీఎస్టీ గడిలో అంజనమ్మ పేరుతో పడి ఉన్న రెండు లక్షల ముప్పై ఒక్క వేయి ఆరు వందలలో సగం తమిళనాడుకు పంపండి, సగం మీ పక్క గడిలోకి మార్చుకోండి. మార్చలేమంటారా? అయితే ఆ సొమ్మును ఆమెకు తిరిగి ఇచ్చివేయండి, ఆమె మీరన్న గడిలో కడుతుంది. రెండింటిలో ఒకటి చేయండి. సొమ్మును మీ దగ్గరే ఉంచుకుని, అదే సొమ్మును ఆమెనే మళ్ళీ అడిగే ఈ మూడో దారిని మానండి. ఆమె ఖాతా మీద వేసిన తాళాన్ని నాటు కాలం దాటకముందే తీయండి.